టీమ్స్‌లో పసుపు చుక్క, డల్లాస్‌లో మేనేజర్: పోయిన నమ్మకం మళ్ళీ ఎలా తెచ్చుకోవాలి?

#1 రాత్రిషిఫ్టు_రాజు
ఉండేది తాడేపల్లిగూడెం, ఇంటి నుంచే పని. మేనేజర్ మా కంపెనీ మనిషే, కానీ క్లయింట్ దగ్గర డల్లాస్‌లో ఉంటారు. షిఫ్టు మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10. టెస్టింగ్ పని. ఏడాదిన్నరలో ఆయన్ని ఎదురుగా చూసింది లేదు.

మూడు వారాలుగా వరస మారింది. "మంగళవారం చాలాసేపు Away లో కనిపించావు, అంతా బాగానే ఉందా?" అని ఒక మెసేజ్. రెండు రోజులాగి ఏ పనీ చెప్పకుండానే "ఉన్నావా?" అని ఇంకోటి. నిన్న స్టాండప్‌లో అందరి ముందూ నా టికెట్లు మాత్రమే ఒక్కొక్కటీ తీసి అడిగారు.

అసలు సంగతి, నా దగ్గర రెండు లాప్‌టాప్‌లు. ఆయన చూసే టీమ్స్ క్లయింట్ లాప్‌టాప్‌లో ఉంది. టెస్ట్ కేసులు రాసేదీ, రిక్వైర్‌మెంట్లు చదివేదీ కంపెనీ లాప్‌టాప్‌లో. ఇటు పని చేస్తుంటే అటు పసుపు చుక్క. ఇప్పుడు మంచినీళ్ళకి లేచినా గుండె దడే. మౌస్ జరిపే యంత్రం ఒకటి కార్ట్‌లో పెట్టి ఉంచా. అది కొనెయ్యనా, ఆయనతో మాట్లాడనా? మాట్లాడితే ఏమని మొదలెట్టాలి?

#2 కాకినాడ_కాజా
యంత్రం ఎందుకు దండగ, మా ఇంటి పిల్లిని పంపిస్తా. రోజంతా కీబోర్డు మీదే పడుకుంటుంది. రోజుకి పావులీటరు పాలు, అంతే ఖర్చు.

#3 ఎండ్‌పాయింట్_మామ
రాజూ, ముందు ఆ కార్ట్ ఖాళీ చెయ్యి. తర్వాత మాట్లాడుకుందాం.

కంపెనీ లాప్‌టాప్‌లను చూసుకునే డెస్క్ నుంచి చెప్తున్నా. టీమ్స్ ఉన్న మెషీన్‌లో కీబోర్డు, మౌస్ 5 నిమిషాలు కదలకపోతే Away అయిపోతుంది. స్క్రీన్ లాక్ చేస్తే అప్పటికప్పుడే. నువ్వు చేత్తో Available పెట్టుకున్నా ఇది ఆగదు. అంటే పక్క లాప్‌టాప్‌లో అరగంట రాసుకుంటే, ఆయన తెరమీద దాదాపు 25 నిమిషాలు నువ్వు లేనట్టే. నీ మీద అనుమానం పడి ఎవరో పెట్టిన ఉచ్చు కాదిది, ఆ చుక్క పనిచేసే తీరే అంత.

ఇక యంత్రం సంగతి. యూఎస్‌బీకి గుచ్చేదైతే అది తానొక మౌస్‌నని విండోస్‌కి చెప్పుకుంటుంది. ఆ చెప్పడంలోనే తయారీదారు నంబరు, వస్తువు నంబరు ఉంటాయి. అవి లాగ్‌లో పడతాయి, పీకేసినా చెరిగిపోవు. క్లయింట్ మెషీన్లలో అనుమతి లేని యూఎస్‌బీ గుచ్చితే సెక్యూరిటీ వాళ్ళకి అలర్ట్ పోవడం మామూలే. మౌస్‌ని పైన కూర్చోబెట్టి తిప్పే పళ్ళెం లాంటిదైతే లాగ్‌లో పేరు పడదు. కానీ నాలుగు గంటలు మౌస్ కదులుతూ ఒక్క అక్షరం కూడా టైప్ కాకపోతే, ఒక్క విండో కూడా మారకపోతే, చూసేవాడికి చాలదా? 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు డజనుకు పైగా ఉద్యోగుల్ని తీసేసింది ఇందుకే, కీబోర్డు ఆడుతున్నట్టు నటించారని.

ఇప్పుడు నీ మీద ఉన్నది అనుమానం ఒక్కటే. అది కొన్నావంటే అది నిజమైపోతుంది.

#4 ఓరుగల్లు_పోరడు
మామ చెప్పింది కరెక్టే గానీ అసలు ముచ్చట ఇడిసిపెట్టిండు. టీమ్స్ ప్రతి వారం మేనేజర్‌కు రిపోర్ట్ పంపుతది, ఎవ్వడు ఎన్ని గంటలు పసుపుల ఉన్నడో లెక్కతోని. అందుకే మీ సారు మంగళవారం అని రోజు పేరు పెట్టి అడిగిండు. ఇంకోటి, కొత్త డేటా చట్టం వచ్చింది కద, మన పర్మిషన్ లేకుండ గిట్ల చూసుడు నేరం. హెచ్‌ఆర్‌కు రాయి అన్నా.

#5 ఎండ్‌పాయింట్_మామ
@ఓరుగల్లు_పోరడు సగం నిజం. అడ్మిన్‌కి యూజర్ యాక్టివిటీ రిపోర్ట్ అని ఒకటుంది. 7, 30, 90 రోజులకి తీసుకోవచ్చు. అందులో ఎన్ని చాట్ మెసేజ్‌లు, ఎన్ని కాల్స్, ఎన్ని మీటింగులు అనేది ఉంటుంది. పసుపు గంటల లెక్క ఉండదు. మేనేజర్‌కి దానంతటదే పోదు కూడా. చుక్కని గంట గంటకీ రాసిపెట్టుకునే బయటి టూల్స్ ఉన్నాయి, అవి ఎవరైనా పనిగట్టుకుని పెట్టాలి. మంగళవారం సంగతంటావా, ఆయన నాలుగుసార్లు చాట్ తెరిచి ఉంటాడు, నాలుగుసార్లూ పసుపు కనపడి ఉంటుంది. దానికి రిపోర్టెందుకు.

ఆయన నాలుగుసార్లు ఎందుకు తెరిచాడన్నదే అడగాల్సిన ప్రశ్న.

#6 చింతచిగురు
చట్టం మాట ఒకటి సరిచేస్తాను. 2023 డేటా చట్టంలో సెక్షన్ 7 ఉంది. ఉద్యోగానికి సంబంధించిన అవసరాలకీ, కంపెనీని నష్టం నుంచి కాపాడుకోవడానికీ ఉద్యోగి సమాచారాన్ని వాడుకోవచ్చు, దానికి విడిగా సమ్మతి అక్కర్లేదు అంటుంది. పైగా చేరినరోజు సంతకం పెట్టిన కాగితాల్లో "కంపెనీ పరికరాల వాడకం" అని ఒకటి ఉండే ఉంటుంది, అందులో ఏం చూస్తారో రాసి ఉంటుంది. రాజు గారూ, ఫిర్యాదు చేయకండి, ఆ కాగితం మాత్రం తెప్పించుకుని చదవండి. తెర ఫోటోలు తీస్తారా, కీబోర్డు లెక్కిస్తారా, లేక లాగిన్ సమయాలు మాత్రమేనా అన్నది తెలిస్తే సగం భయం తగ్గుతుంది. ఊహించుకున్న నిఘాకి హద్దుండదు.

#7 సాలూరు_సంత
నాకూ ఇదే సమస్య. పసుపు గుర్తు వస్తుంటే రౌటర్ దగ్గర కూర్చోండి, 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. పోతుంది.

#8 కాకినాడ_కాజా
@సాలూరు_సంత అన్నా, అది వైఫై గుర్తు కాదు, మేనేజర్ గుర్తు. ఏ రౌటర్‌కీ లొంగదు.

#9 డల్లాస్_దోసె
ఇటువైపు నుంచి చెప్తా. ఇక్కడ కూర్చుని హైదరాబాద్, విశాఖల్లో ఉన్న తొమ్మిది మందిని చూసుకునే పని.

పొద్దున 8కి లాప్‌టాప్ తెరిస్తే అక్కడ సాయంత్రం 6:30. తొమ్మిదింటికి క్లయింట్ అడుగుతాడు, "క్లెయిమ్ స్క్రీన్ టెస్టింగ్ ఎంతవరకు వచ్చింది?" అని. మేనేజర్ దగ్గర జవాబు లేకపోతే ఏం చేస్తాడు? టికెట్ చూస్తాడు, నాలుగు రోజులుగా "ఇన్ ప్రోగ్రెస్". చాట్ తెరుస్తాడు, పసుపు. పని గురించి చూడటానికి ఏమీ దొరకనప్పుడే కళ్ళు చుక్క మీద పడతాయి. చుక్కని పచ్చగా ఉంచినంత మాత్రాన ఆ జవాబు పుట్టదు.

రెండోది, ఒకే మనిషిని పట్టుకుని టికెట్లు అడిగారంటే సాధారణంగా వెనకాల ఏదో ఒక సంఘటన ఉంటుంది. ఏదో ఒకటి ఆలస్యమైంది, లేదా ఆలస్యమైనట్టు ఆయనకి అనిపించింది. నువ్వు మూడు వారాలన్నావు. మూడు వారాల కిందటి చాట్ తీసి చదువు. ఆయన అడిగినవీ, నువ్వు ఇచ్చిన సమయాలూ పక్కపక్కన రాసుకో.

ఆ తర్వాత కాల్ అడుగు, 25 నిమిషాలు చాలు. చాట్‌లో వద్దు, స్టాండప్‌లో అసలే వద్దు. "నా మీద నమ్మకం లేదా?" అని అడిగితే "అయ్యో, అదేం లేదు" అంటాడు, అక్కడితో తలుపు మూసుకుపోతుంది. ఇలా అడుగు: "ఈ నెలలో నా దగ్గర నుంచి మీరు ఒకటి అనుకుంటే ఇంకోటి వచ్చిన పని ఏదైనా ఉందా? ఒక్క ఉదాహరణ చెప్పండి." అడిగాక నోరు మెదపకు. ఆయన ఆలోచించుకునే పది సెకన్లూ నీకు పది నిమిషాల్లా ఉంటుంది, అయినా ఓపిక పట్టు.

#10 జీరోబగ్
రెండు లాప్‌టాప్‌ల సంగతి ముందే చెప్పేస్తే పోదా? చుక్క గురించి అడిగింది ఆయనే కదా.

#11 డల్లాస్_దోసె
@జీరోబగ్ చెప్పాలి, కానీ ఆయన ఉదాహరణ చెప్పాక. ముందే చెప్తే సాకులా వినపడుతుంది. ఆయన మనసులో ఉన్నది వేరే సంగతైతే, ఈ సాకుతో అది బయటికి రాకుండానే కాల్ అయిపోతుంది. చెప్పేటప్పుడు కూడా రెండే వాక్యాలు: ఏ పని ఏ లాప్‌టాప్‌లో, పసుపుగా ఉన్నప్పుడు నన్ను పట్టుకోవడం ఎలా. కంపెనీ వైపు టీమ్స్ నంబరో, ఫోనో ఇచ్చి "15 నిమిషాల్లో జవాబిస్తాను" అను. ఇస్తే నిలబెట్టుకోవాలి, లేకపోతే 30 అను.

#12 కోనసీమ_కోడ్
చేత్తో Busy పెట్టుకుంటే పసుపు అవ్వదు, ఒక రోజంతా ఎర్రగానే ఉంటుంది. ఈ చిట్కా ఎవరూ చెప్పలేదేంటి?

#13 ఎండ్‌పాయింట్_మామ
@కోనసీమ_కోడ్ నిజమే, ఉంటుంది. రోజూ 9 గంటలు ఎర్రగా ఉండి, క్యాలెండర్‌లో ఒక్క మీటింగ్ కూడా లేకపోతే? పసుపైతే నిద్రపోయాడేమో అనుకుంటాడు, ఎరుపైతే తప్పించుకుంటున్నాడు అనుకుంటాడు. దానికన్నా స్టేటస్ మెసేజ్ వాడు. "4 వరకు కంపెనీ లాప్‌టాప్‌లో టెస్ట్ కేసులు రాస్తున్నా, అర్జెంట్ అయితే ఫోన్ చేయండి" అని రాసి, 4కి చెరిగిపోయేలా సమయం పెట్టు. నీకు మెసేజ్ చేయబోయేవాళ్ళకి కనపడేలా ఒక టిక్ ఉంటుంది, అది మర్చిపోకు. టిక్ పెట్టకపోతే నీ ప్రొఫైల్ తెరిచి చూసినవాళ్ళకి తప్ప ఆ మెసేజ్ కంటపడదు.

#14 జీరోబగ్
నాకైతే ఇదంతా మన మెడకి మనమే తాడు కట్టుకోవడంలా ఉంది. ఇవాళ స్టేటస్ మెసేజ్, రేపు రోజువారీ రిపోర్ట్, ఎల్లుండి గంటకో అప్‌డేట్. పని చేస్తున్నాడా లేదా అన్నది పనిలో కనపడాలి. హబ్‌స్టాఫ్ లాంటి టూల్ పెట్టే చోట చూడండి, ప్రతి 10 నిమిషాల్లో ఎన్ని సెకన్లు కీబోర్డో మౌసో కదిలిందన్నదే యాక్టివిటీ. 600 సెకన్లలో 240 కదిలితే 40 శాతం. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌ని శ్రద్ధగా చదివేవాడికి 10 శాతం కూడా రాదు, చదవకుండా స్క్రోల్ చేసేవాడికి 70 వస్తుంది. ఇలాంటి లెక్కలు నమ్మేవాళ్ళకి నోట్లు రాస్తే నమ్మకం వస్తుందా?

#15 డల్లాస్_దోసె
@జీరోబగ్ టూల్ సంగతి ఒప్పుకుంటా. కానీ రాజు మేనేజర్ శాతాలు చూస్తున్నాడని ఎక్కడా లేదు. ఉన్నావా అని అడుగుతున్నాడు. శాతం చూసేవాడు అడగడు.

నోట్ గంట గంటకీ కాదు, రోజుకి ఒక్కటి. అది కూడా షిఫ్టు చివర కాదు, ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. రాత్రి 10కి పంపితే ఇక్కడ పొద్దున 11:30. క్లయింట్ 9కే అడిగేశాడు, మేనేజర్ అప్పటికే తెల్లమొహం వేశాడు. సాయంత్రం 6:15కి పంపు, ఇక్కడ 7:45. ఆయన లాప్‌టాప్ తెరవగానే పైన నీదే ఉంటుంది. సందేహం ఉంటే అడగటానికి ఇంకా మూడు గంటలు ఇద్దరూ మెలకువగానే ఉంటారు. రాత్రి 10కి ఏదైనా మారితేనే ఒక లైను.

నోట్‌లో నేను ఏం చేశానన్నది కాదు, పని ఎక్కడుందన్నది ఉండాలి. ఉదాహరణకి: "క్లెయిమ్ స్క్రీన్ రిగ్రెషన్, 140 కేసుల్లో 96 అయ్యాయి. మూడు ఫెయిల్, అందులో రెండు పాతవే, కొత్తది తేదీ ఫార్మాట్‌ది, టికెట్ లింక్ ఇదిగో. మిగతా 44కి పాలసీ డేటా కావాలి, డేటా టీమ్‌ని నిన్న అడిగా. బుధవారం డల్లాస్ మధ్యాహ్నం 12 లోపు రాకపోతే ఇవి శుక్రవారానికి జరుగుతాయి. మీరు వాళ్ళకి ఒక మాట చెప్తే గురువారానికే అయిపోతాయి." అంతే. క్లయింట్‌కి ఆయన దీన్ని అలాగే అతికించి పంపగలగాలి. "టెస్టింగ్ కొనసాగుతోంది, మంచి పురోగతి ఉంది" అని రాస్తే అది నోట్ కాదు, రేడియో వార్త.

#16 చింతచిగురు
ఆ నోట్‌లో చివరి రెండు వాక్యాలే అసలు బలం. ఆలస్యం గడువు రోజున చెప్తే క్షమాపణ అవుతుంది, సగంలో చెప్తే సమాచారం అవుతుంది. రెండు రోజుల పనైతే మొదటి రోజు సాయంత్రానికే అనుమానం బయటపెట్టాలి. మన వాళ్ళకి ఇక్కడే నోరు రాదు. "ట్రై చేస్తానండి" అంటాం. మనలో మనకి దాని అర్థం "కష్టమే" అని తెలుసు. అమెరికా మనిషి మాత్రం "సరే, చేస్తాడు" అని రాసుకుంటాడు.

#17 ఓరుగల్లు_పోరడు
@చింతచిగురు గిది మాత్రం నూటికి నూరు పాళ్ళు నిజం. "చూస్త సార్" అంటే మా దిక్కు కూడ కాదనుడే.

#18 రాత్రిషిఫ్టు_రాజు
కార్ట్ ఖాళీ చేశా. @డల్లాస్_దోసె చెప్పినట్టు పాత చాట్ తీసి చదివా. మొదట ఏమీ కనపడలేదు. తర్వాత టైము చూస్తూ చదివితే దొరికింది.

ఆయన మెసేజ్: "రేటింగ్ మాడ్యూల్ ఫలితాలు రేపు సాయంత్రానికి కావాలి." నేను: "ఓకే, ట్రై చేస్తాను." ఆయన పంపింది డల్లాస్‌లో మంగళవారం సాయంత్రం 6కి. ఇక్కడ బుధవారం తెల్లవారుజాము 4:30. నేను షిఫ్టుకొచ్చి చదివింది బుధవారం మధ్యాహ్నం 1కి. రేపు అంటే గురువారం అనుకున్నా. ఆయన రేపు బుధవారం. గురువారం రాత్రి 9కి పంపించి, చెప్పిన టైముకే ఇచ్చానని సంతోషంగా పడుకున్నా.

ఇవాళ కాల్‌లో ఉదాహరణ అడిగితే ఆయన చెప్పింది సరిగ్గా ఇదే. గురువారం పొద్దున క్లయింట్ రివ్యూలో ఫలితాలు లేక ఇబ్బంది పడ్డారట. బుధవారం మధ్యాహ్నం నుంచి చూస్తూనే ఉన్నారట, "నువ్వేమో Away". అప్పుడు ఇక్కడ అర్ధరాత్రి దాటింది, నేను నిద్రలో ఉన్నా! ఆ తర్వాత చుక్క చూడటం అలవాటైపోయిందని ఆయనే అన్నారు.

#19 కాకినాడ_కాజా
ఒక్క "రేపు" కోసం మూడు వారాలు మంచినీళ్ళు మానేశావా తమ్ముడూ.

#20 ఎండ్‌పాయింట్_మామ
ఇలాంటివి ఎన్నో. ఇకమీదట మెసేజ్‌లో రేపు, ఇవాళ, సాయంత్రం, ఈఓడీ అన్న మాటలు నిషేధించుకో. "ఈఓడీ" అంటే ఎవరి ఈఓడీ? ఆయన సాయంత్రం 5 మనకి మర్నాడు తెల్లవారుజాము 3:30. వారం పేరు, గంట, ఊరు, మూడూ రాయి. ఆయన "రేపు" అంటే నువ్వు మార్చి తిరిగి పంపు: "బుధవారం డల్లాస్ సాయంత్రం 5 అనుకుంటున్నా. నా షిఫ్టు మీ పొద్దున 11:30కి అయిపోతుంది కాబట్టి అప్పటికే పంపేస్తా." తప్పయితే అక్కడే దొరుకుతుంది.

నవంబరు మొదటి ఆదివారం వాళ్ళ గడియారం గంట వెనక్కి పోతుంది. తేడా పదిన్నర గంటల నుంచి పదకొండున్నర అవుతుంది. అప్పుడు 6:15 నోట్ 7:15కి మార్చుకోవచ్చు. కానీ షిఫ్టు 10కే ముగిస్తే ఇద్దరూ కలిసి ఉండే సమయం మూడున్నర గంటల నుంచి రెండున్నరకి పడిపోతుంది. దాని గురించి అక్టోబరులోనే మాట్లాడుకో. మార్చి రెండో ఆదివారం మళ్ళీ మామూలు.

#21 జీరోబగ్
సరే, ఈసారికి నేను ఓడిపోయా. కానీ ఒకటి అడుగుతా. తప్పు ఇద్దరిదీ కదా? ఆయన కూడా ఎవరి రేపో చెప్పలేదు. నోట్లు మాత్రం రాజే ఎందుకు రాయాలి?

#22 డల్లాస్_దోసె
@జీరోబగ్ న్యాయంగా అయితే ఇద్దరిదీ. @రాజు, నెక్స్ట్ కాల్‌లో ఆయన్నీ ఒకటి అడుగు: అర్జెంట్ అయినవాటికి వారం పేరు, గంట పెట్టమని. ఇస్తాడు, మేనేజర్‌కి ఇదేమీ బరువు కాదు. ఇంకోటి, "ఉన్నావా?" అని వచ్చినప్పుడు "ఉన్నాను సార్" అని మాత్రమే పంపకు. "ఉన్నాను, రేటింగ్ మాడ్యూల్ మీద ఉన్నా, 60లో 41 అయ్యాయి, ఏం కావాలి?" అను. రెండు మూడుసార్లకి ఆ "ఉన్నావా"లు వాటంతటవే పనిగురించిన ప్రశ్నలుగా మారతాయి.

ఎన్నాళ్ళు పడుతుందంటే, ఒక్క కాల్‌తో అయితే పోదు. చెప్పిన తేదీకి చెప్పింది ఐదారుసార్లు వరసగా చేరాలి. అందుకే మొదటి రెండు వారాలు చిన్న గడువులు పెట్టుకో. వారం పని ఒప్పుకునే బదులు దాన్ని మూడు ముక్కలు చేసి మూడు తేదీలు ఇవ్వు. మధ్యలో ఒకటి తప్పినా ముందే చెప్తే లెక్కలోకి వస్తుంది, చెప్పకుండా తప్పితే మళ్ళీ మొదటికే.

#23 రాత్రిషిఫ్టు_రాజు
రెండు వారాల తర్వాత రాస్తున్నా. నోట్ 6:15కి వెళ్తోంది. మూడోరోజు నుంచి ఆయన దానికింద ఒక్క బొటనవేలు గుర్తు పెడుతున్నారు, అంతే. స్టాండప్‌లో నా టికెట్లు విడిగా అడగటం ఆగింది. "ఉన్నావా?" మాత్రం మొన్న ఒకటి వచ్చింది, నాకు మళ్ళీ దడ.

@చింతచిగురు చెప్పిన కాగితం కూడా తెప్పించుకున్నా. లాగిన్ సమయాలు, ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్, వెబ్ సైట్లు చూస్తామని ఉంది. తెర ఫోటోల మాట లేదు. కానీ అది మా కంపెనీది. క్లయింట్ లాప్‌టాప్‌కి ఏముందో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

ఒక డౌట్: నోట్‌లో హైదరాబాద్ డెలివరీ మేనేజర్‌ని కూడా కాపీలో పెట్టనా?

#24 చింతచిగురు
పెట్టకండి. ఆయనకి రాసింది ఆయన పైవాళ్ళకి సాక్ష్యంలా కనపడుతుంది.

#25 ఓరుగల్లు_పోరడు
పెట్టు అన్నా. రేపు అప్రైజల్ల ఎవ్వడు గుర్తు పెట్టుకుంటడు?

#26 డల్లాస్_దోసె
ఆయన్నే అడుగు, "ఇంకెవరికైనా ఇది ఉపయోగపడుతుందా" అని. పెట్టమంటే పెట్టు. అప్రైజల్ కోసమైతే నోట్లన్నీ ఒక ఫోల్డర్‌లో పడేలా ఇవాళే రూల్ పెట్టుకో, డిసెంబరులో వెతుక్కోనక్కర్లేదు.

#27 సాలూరు_సంత
చివరికి రౌటర్ మార్చావా లేదా?